పదికి నాలుగే ఎందుకు? మంత్రి, కార్యదర్శి, తటస్థత: ఒక జవాబు పత్రం కేస్ స్టడీ

ప్రశ్న ఇది: "రాజకీయ కార్యనిర్వాహక వర్గాన్ని శాశ్వత కార్యనిర్వాహక వర్గంతో పోల్చి, సివిల్ సర్వీసుల తటస్థతను వివరించండి." మార్కులు 10. మూడు గంటల్లో 150 మార్కులకు రాసే పేపర్ అనుకుంటే దీనికి దక్కేది పన్నెండు నిమిషాలు. ఆలోచించుకోవడానికి రెండు, రాసింది చూసుకోవడానికి ఒకటి తీసేస్తే పెన్ను కదిలేది తొమ్మిది నిమిషాలు. ఆ తొమ్మిది నిమిషాల్లో తెలుగులో చదవదగ్గ రాతతో 150 పదాలు పడితే బాగా రాసినట్టే.

ఇక్కడ చూస్తున్న జవాబు గుంటూరు బ్రాడీపేటలో గ్రూప్-1 మెయిన్స్‌కు చదువుతున్న ఒక అభ్యర్థిని టెస్ట్ సిరీస్‌లో రాసింది. రాత గుండ్రంగా ఉంది, కొట్టివేతలు లేవు, ఆర్టికల్ నంబర్లు కూడా ఉన్నాయి. అయినా పదికి నాలుగే వచ్చాయి. పేపర్ తీసుకున్నాక ఆమె అడిగిన మాట, "అన్నీ రాశాను కదండీ, ఏం తగ్గింది?" ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆమె చదవకుండా రాసిన జవాబు కాదు అది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించిన జవాబు. తగ్గింది ఎక్కడో చూపించాలంటే వాక్యం వాక్యం విప్పాలి.

పేపర్ మీద ఏముంది

మొదటి పేజీ పైన మూడు లైన్ల పరిచయం. దాని కింద స్కేలుతో గీసిన పట్టిక. ఎడమ గడిలో మంత్రులు, కుడి గడిలో అధికారులు, మొత్తం తొమ్మిది వరుసలు. ఎన్నికవుతారు – నియమితులవుతారు. ఐదేళ్లు – 60 ఏళ్ల వరకు. విద్యార్హత అక్కర్లేదు – కావాలి. పార్టీ ఉంటుంది – ఉండదు. సాధారణజ్ఞులు – నిపుణులు. విధానం రూపొందిస్తారు – అమలు చేస్తారు. శాసనసభకు జవాబుదారీ – మంత్రికి జవాబుదారీ. ప్రజలకు తెలుస్తారు – తెర వెనుక ఉంటారు. తాత్కాలికం – శాశ్వతం.

పట్టికతోనే మొదటి పేజీ నిండింది. రెండో పేజీలో తటస్థత గురించి ఆరు లైన్లు. వాటిలో ముఖ్యమైన వాక్యం ఇది: "సివిల్ సర్వెంట్ తన సొంత అభిప్రాయాలను పక్కనపెట్టి, అధికారంలో ఉన్న పార్టీ ఏదైనా, మంత్రి చెప్పినది చేయడమే తటస్థత." ఆ కింద ఈమధ్య రాష్ట్రంలో ప్రభుత్వం మారినప్పుడు జరిగిన బదిలీల గురించి ఒక ఉదాహరణ, అందులో పార్టీల పేర్లు, ఒక అధికారి పేరు.

మార్కులు పడిన తీరు: పరిచయానికి ఒకటి, తొమ్మిది వరుసల పట్టికకు రెండు, తటస్థతకు ఒకటి. మొత్తం నాలుగు.

పట్టిక ఎందుకు పండలేదు

మొదటి కారణం సమయం. స్కేలు తీసి గీతలు గీసి, తొమ్మిది వరుసలు నింపేసరికి ఏడు నిమిషాలు పోయాయి. రెండో పేజీలో రాత వాలిపోయిన తీరు చూస్తేనే తెలుస్తుంది. ప్రశ్నలో రెండు పనులున్నాయి, పోల్చడం, వివరించడం. రెండోది అసలు బరువైనది. దానికి మిగిలింది రెండు నిమిషాలు.

రెండో కారణం వరుసల్లో ఉంది. "ఐదేళ్లు", "తాత్కాలికం" అనేవి ఒకటే మాట రెండుసార్లు. పైగా అందులో మొదటిది తప్పు. ఐదేళ్లు శాసనసభ గడువు, మంత్రి గడువు కాదు. మంత్రి పదవికి రాజ్యాంగంలో కాలపరిమితి లేదు. సభ విశ్వాసం పోతే మంత్రిమండలి మొత్తం దిగిపోతుంది, ముఖ్యమంత్రి వద్దనుకుంటే ఒక్క మంత్రి దిగిపోతాడు. "60 ఏళ్ల వరకు" అన్నదీ సగమే నిజం. అఖిల భారత సర్వీసుల వారికి 60 సరే, కానీ ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఉద్యోగుల పదవీ విరమణ వయసు 2022 జనవరి నుంచి 62. వెలగపూడి సచివాలయంలో ఒకే ఫైల్ మీద సంతకం పెట్టే ఇద్దరికి రెండు వేర్వేరు వయసులు. రాష్ట్ర పరీక్ష రాసే అభ్యర్థి దీన్ని తప్పుగా రాస్తే చూసేవారికి వెంటనే తగులుతుంది.

"సాధారణజ్ఞులు – నిపుణులు" అన్న వరుస మరీ ప్రమాదం. మన పరిపాలనలో దశాబ్దాలుగా నడుస్తున్న వాదనే ఐఏఎస్ అధికారి సాధారణజ్ఞుడని, ఇంజినీరు, డాక్టరు, వ్యవసాయాధికారి నిపుణులని. ప్రభుత్వ పాలనా శాస్త్రం తెలిసినవారు దిద్దుతుంటే ఈ వరుస దగ్గర పెన్ను ఆగుతుంది.

"విధానం – అమలు" అన్నది పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించే విభజన. నిజానికి ఏ విధానమైనా మొదట కాగితం మీదికి వచ్చేది అధికారి కలం నుంచే. లెక్కలు, గత అనుభవం, ఖర్చు, చట్టపరమైన అడ్డంకులు అతనే పెడతాడు. మంత్రి చేసేది ఎంపిక, నిర్ణయం. కాబట్టి "మంత్రి నిర్ణయిస్తాడు, అధికారి సలహా ఇచ్చి అమలు చేస్తాడు" అనాలి. ఈ ఒక్క మాట మార్చితే తటస్థతకు దారి తెరుచుకుంటుంది. ఎందుకంటే తటస్థత మొదలయ్యేది సలహా దగ్గరే.

పోలికకు ఇరుసు: 'ఇష్టం' సూత్రం

పోల్చమన్నప్పుడు తేడాలే కాదు, పోలికలూ చెప్పాలి. తొమ్మిది వరుసల్లో ఒక్కదానిలోనూ పోలిక లేదు. ఈ ప్రశ్నలో అన్నిటికన్నా పనికొచ్చే పోలిక చాలామంది రాయనిది. మంత్రీ, అధికారీ ఇద్దరూ పదవిలో ఉండేది ఒకే సూత్రం మీద. 164వ అధికరణం ప్రకారం మంత్రులు గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలం పదవిలో ఉంటారు. 310 ప్రకారం రాష్ట్ర సివిల్ సర్వీసుల వారూ గవర్నర్ ఇష్టం ఉన్నంతకాలమే ఉంటారు, అఖిల భారత సర్వీసుల వారు రాష్ట్రపతి ఇష్టం ఉన్నంతకాలం. అంటే "శాశ్వత" అనే పేరు పెట్టుకున్న వర్గానికీ రాజ్యాంగం మొదటి మాటగా ఇచ్చింది ఇష్టం మీద నడిచే పదవినే.

తేడా ఆ తర్వాతి అధికరణంలో ఉంది. మంత్రి విషయంలో గవర్నర్ ఇష్టం అంటే ఆచరణలో ముఖ్యమంత్రి సలహా. విచారణ లేదు, నోటీసు లేదు, కారణం చెప్పక్కర్లేదు. అధికారి విషయంలో ఆ ఇష్టానికి 311 కళ్లెం వేస్తుంది. నియమించిన అధికారి కన్నా కిందివాళ్లు అతన్ని తొలగించలేరు. అభియోగం చెప్పి, విచారణ జరిపి, చెప్పుకునే అవకాశం ఇచ్చాకే బర్తరఫ్ చేయడం, తొలగించడం, హోదా తగ్గించడం. క్రిమినల్ కేసులో శిక్షపడటం, విచారణ జరపడం సాధ్యం కాని పరిస్థితి, దేశ భద్రత అనే మూడు మినహాయింపులు ఉన్నాయి.

ఈ రక్షణ అధికారి సుఖం కోసం పెట్టింది కాదు. మంత్రికి నచ్చని మాట రాసినందుకు ఉద్యోగం పోదన్న భరోసా ఉంటేనే అధికారి ఉన్నదున్నట్టు రాయగలడు. తటస్థతకు కాళ్లు ఇక్కడే ఉన్నాయి. పోలికనూ తటస్థతనూ రెండు విడి ముక్కలుగా రాసిన అభ్యర్థినికి ఈ లంకె దొరకలేదు. లంకె లేకనే జవాబు రెండుగా విరిగింది.

ఫైల్ దగ్గర నిలబడి చూస్తే

ఈ తేడా అంతా ఒక్క ఫైల్‌లో కనిపిస్తుంది. సచివాలయంలో ఫైల్‌కు రెండు భాగాలు. వచ్చిన ఉత్తరాలు, పత్రాలు ఉండేది కరెంట్ ఫైల్. అభిప్రాయాలు రాసేది నోట్ ఫైల్. నోట్ సెక్షన్‌లో మొదలై, కార్యదర్శి దాకా పైకి వెళ్తుంది. ప్రతివాళ్లూ తమ అభిప్రాయం రాసి సంతకం చేస్తారు. కార్యదర్శి "ఆదేశాల కోసం" అని మంత్రికి పంపుతాడు. మంత్రి ఒప్పుకోవచ్చు, తిప్పి పంపవచ్చు, కార్యదర్శి రాసినదానికి పూర్తి వ్యతిరేకంగానూ రాయవచ్చు. చివరకు జీవో వెలువడుతుంది. దాని కింద గవర్నర్ ఆదేశం మేరకు, గవర్నర్ పేరు మీద అని ఉంటుంది, ఆ కింద కార్యదర్శి సంతకం.

ఆ కాగితం ముక్కను ఒక్కసారి నిదానంగా చూడాలి. పేరు గవర్నర్‌ది. నిర్ణయం మంత్రిది. సంతకం కార్యదర్శిది. మంత్రి పేరు ఆ సంతకాల చోట లేదు. కార్యదర్శి నోట్‌లో వద్దన్నా, జీవో కింద సంతకం చేయాల్సింది అతనే. రేపు శాసనసభలో లేచి జవాబు చెప్పాల్సింది మాత్రం మంత్రి. కార్యదర్శి వద్దన్న సంగతి సభకు చెప్పి మంత్రి తప్పుకోకూడదు, తను వద్దన్నానని కార్యదర్శి పత్రికలకు చెప్పకూడదు. అనామకత్వం అంటే తెర వెనుక ఉండటం మాత్రమే కాదు. నిర్ణయం మొత్తం మంత్రిదిగా బయటికి వెళ్లడం.

ఇది మాటల్లో చెప్పినంత సులభం కాదని 1957 నాటి ముంద్రా వ్యవహారం చూపించింది. ఎల్ఐసీ డబ్బుతో హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల షేర్లు కొన్నారు. పార్లమెంటులో ఫిరోజ్ గాంధీ నిలదీశారు. విచారణ జరిపిన న్యాయమూర్తి ఛాగ్లా, కార్యదర్శి చేసినదానికి రాజ్యాంగపరంగా బాధ్యత మంత్రిదేనని తేల్చారు. ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి 1958లో రాజీనామా చేశారు. అదే విచారణలో మంత్రి, కార్యదర్శి బహిరంగంగా ఒకరి మాటకు ఒకరు ఎదురు నిలవాల్సి వచ్చింది. మంత్రి బాధ్యతా, అధికారి అనామకత్వమూ ఒకే తాడుకు రెండు కొసలని, ఒకటి వదిలితే రెండోదీ వదులవుతుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

మన జిల్లా బస్సు రూట్ల కేసు

ఈ ప్రశ్నకు విజయవాడ, గుంటూరు అభ్యర్థులకు చేతికి అందేంత దగ్గర్లో ఒక ఉదాహరణ ఉంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు. 1957లో కృష్ణా జిల్లాలో ప్రైవేటు బస్సు రూట్లను ప్రభుత్వ రవాణా సంస్థకు అప్పగించే స్కీమ్ వచ్చింది. మోటారు వాహనాల చట్టం ప్రకారం ప్రభుత్వం బస్సు యజమానుల అభ్యంతరాలు విని, ఆ తర్వాతే స్కీమ్‌ను ఆమోదించాలి. అభ్యంతరాలు విన్నది రవాణా వ్యవహారాలు చూసే కార్యదర్శి. ఆమోదించింది ముఖ్యమంత్రి.

సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. కారణాలు రెండు. వినేది ఒకరు, నిర్ణయించేది మరొకరు అయితే వినడం ఉత్త తంతు అవుతుంది. ఇంకోటి, స్కీమ్ ఏ శాఖ నుంచి వచ్చిందో ఆ శాఖకే కార్యదర్శి అధిపతి, తన శాఖ ప్రతిపాదన మీద తనే తీర్పరిగా కూర్చోరాదు.

ప్రభుత్వం ఈసారి ముఖ్యమంత్రి చేతనే అభ్యంతరాలు వినిపించింది. బస్సు యజమానులు మళ్లీ కోర్టుకెక్కారు. కార్యదర్శి పనికిరానప్పుడు ఆ శాఖ మంత్రిగా ఉన్న ముఖ్యమంత్రి ఎలా పనికొస్తారన్నది వాళ్ల వాదన. పైకి బలమైన వాదనే. 1959లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కార్యదర్శి శాఖకు అధిపతి, అంటే శాఖలో ఒక భాగం. మంత్రి ఆ శాఖ వ్యవహారాలు జరిగేటట్టు చూడటానికి బాధ్యుడు, అంతేగానీ శాఖలో భాగం కాదు. ఇదీ కోర్టు గీసిన గీత.

పరీక్షలో ఈ కేసు విలువ ఏమిటంటే, ఒకే స్కీమ్ మీద ఒకసారి శాశ్వత వర్గం, ఒకసారి రాజకీయ వర్గం కూర్చుంటే ఫలితం మారిపోయింది. తేడా ఎన్నిక, నియామకం అన్న మాటల్లో లేదని, కూర్చునే చోటులో ఉందని కోర్టు చెప్పినట్టయింది. అయితే ఒక జాగ్రత్త. ఇది సహజన్యాయ సూత్రాల కేసు, తటస్థత కేసు కాదు. "తటస్థతను సుప్రీంకోర్టు ఇలా నిర్వచించింది" అని ఈ కేసు పేరు రాస్తే తప్పు. పోలిక భాగంలో రెండు లైన్లకు మించి వాడకూడదు. కేసు పేరుతో ఉత్సాహం వచ్చి కథంతా రాసినవాళ్లు అక్కడే మూడు నిమిషాలు పోగొట్టుకుంటారు.

"మంత్రి చెప్పినది చేయడమే" ఎందుకు తప్పు

అభ్యర్థిని రాసిన ఆ వాక్యానికి మళ్లీ వద్దాం. అందులో ఒక ముక్క నిజం ఉంది. అధికారంలో ఏ పార్టీ ఉన్నా అధికారి ఒకేలా పనిచేయాలి. కానీ "అభిప్రాయాలను పక్కనపెట్టి" అన్నచోట తప్పటడుగు పడింది. పక్కన పెట్టాల్సింది పార్టీ అభిమానం, వృత్తిపరమైన అభిప్రాయం కాదు. రెండోది చెప్పడానికే అతనికి జీతం.

1949 అక్టోబరు 10న రాజ్యాంగ సభలో సర్దార్ పటేల్ సర్వీసుల రక్షణలను సమర్థిస్తూ, తన కార్యదర్శి తన అభిప్రాయానికి వ్యతిరేకంగా నోట్ రాయగలడని, ఆ స్వేచ్ఛ తన కార్యదర్శులందరికీ ఇచ్చానని చెప్పారు. అంత గట్టి హోంమంత్రి ఎదుట వద్దని రాయడం తటస్థతకు విరుద్ధం కాలేదు. అదే తటస్థతకు మొదటి మెట్టు.

కాబట్టి తటస్థతను నిర్వచనంగా కాక, నిర్ణయానికి ముందూ వెనకా ఏం జరగాలో కాలక్రమంలో రాస్తే స్పష్టంగా వస్తుంది. నిర్ణయానికి ముందు అధికారి ఉన్న వాస్తవాలన్నీ, నష్టాలతో సహా, ఫైల్ మీద పెట్టాలి. నిర్ణయం చట్టబద్ధంగా జరిగాక, తను ఒప్పుకోకపోయినా, పూర్తి మనసుతో అమలు చేయాలి. ఫైల్‌ను నెలల తరబడి తొక్కిపెట్టడం, జీవోలో కావాలని లొసుగు వదలడం తటస్థత తప్పడమే, అది మంచి ఉద్దేశంతో చేసినా సరే.

మూడో మెట్టు దగ్గర ఎక్కువమంది జారతారు. ఆదేశం చట్టానికి విరుద్ధమైతే? 1968 నాటి అఖిల భారత సర్వీసుల ప్రవర్తనా నియమావళి మూడో నియమం దారి చూపిస్తుంది. పై అధికారి ఆదేశం మామూలుగా రాతపూర్వకంగా ఉండాలి. నోటిమాటగా ఇస్తే వెంటనే రాతలో ధ్రువీకరించాలి. నోటిమాట అందుకున్న అధికారి వీలైనంత త్వరగా ధ్రువీకరణ అడగాలి. ఫోన్‌లో చెప్పిన మాటను "ఫలానా తేదీన ఫోన్‌లో ఇచ్చిన ఆదేశం మేరకు" అని నోట్‌లో రాసి పైకి పంపడం ఇందులో భాగమే. కానీ రాతలో వచ్చినంత మాత్రాన చట్టవిరుద్ధమైన ఆదేశం చట్టబద్ధం కాదు. రాత వల్ల బాధ్యత ఎవరిదో తేలుతుంది, అంతే. అధికారి అభ్యంతరం నమోదు చేయాల్సిందే, చట్టం కాదన్న పని చేయకూడదు.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. కొన్ని నిర్ణయాలను చట్టం ప్రభుత్వానికి కాక నేరుగా ఫలానా అధికారికి అప్పగిస్తుంది. ఒక తహసీల్దారు, ఒక పోలీస్ కమిషనర్ తన పేరుమీద తీసుకోవాల్సిన నిర్ణయం అది. బొంబాయి పోలీస్ కమిషనర్ ఒక సినిమా థియేటర్‌కు ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం చెప్పిందని రద్దు చేశాడు. గోర్ధన్‌దాస్ భాంజీ కేసులో సుప్రీంకోర్టు ఆ రద్దు చెల్లదంది. అధికారం కమిషనర్‌ది, బుద్ధి పెట్టి నిర్ణయించాల్సిందీ అతనే, ఇంకొకరి నిర్ణయాన్ని తన నోటితో చెప్పడం కుదరదు. "మంత్రి చెప్పినది చేయడమే తటస్థత" అన్న వాక్యాన్ని ఈ కేసు పక్కన పెడితే ఎంత పొరపాటో కనిపిస్తుంది.

తటస్థతనూ నిష్పాక్షికతనూ ఒకటిగా రాయడం ఇంకో అలవాటు. తటస్థత పార్టీల మధ్య, నిష్పాక్షికత పౌరుల మధ్య. గుంటూరు జిల్లాలో ఒక గ్రామంలో పింఛను జాబితా చూస్తున్న అధికారి అధికార పార్టీకీ, ప్రతిపక్షానికీ కొమ్ము కాయకపోయినా, ఒక కులం వాళ్ల దరఖాస్తులు పక్కన పెడితే తటస్థుడే కావచ్చు గానీ నిష్పాక్షికుడు కాడు. ఒక్క లైన్‌లో ఈ తేడా చెబితే చాలు. 2014లో పై నియమావళికి చేసిన సవరణ రాజకీయ తటస్థతను ఒక చోట, నిష్పాక్షికతను మరో చోట విడివిడిగా పేర్కొంది.

ఇక ఆ చివరి ఉదాహరణ. ఈమధ్య జరిగిన బదిలీలు, పార్టీల పేర్లు, అధికారి పేరు. దిద్దేవారు ఏ పార్టీ అభిమానో అన్న లెక్క కాదు ఇక్కడ ముఖ్యం. తటస్థత గురించి రాస్తూ అభ్యర్థి తనే ఒక పక్కన నిలబడింది. పైగా నిర్ధారణ కాని విషయాన్ని వాస్తవంగా రాసింది. దిద్దినవాళ్లు ఆ మూడు లైన్లకు సున్నా వేశారు. ముంద్రా, బస్సు రూట్లు, గోర్ధన్‌దాస్ భాంజీ లాంటి పాత, తేలిపోయిన వ్యవహారాలు వాడటానికి కారణం ఇదే.

అదే అభ్యర్థిని, వారం తర్వాత

ఆమెకు ఇచ్చిన సూచనలు మూడే. పట్టిక గీయొద్దు. పోలిక 'ఇష్టం' సూత్రంతో మొదలుపెట్టి, అక్కడి నుంచి తటస్థతలోకి దిగు. సమకాలీన రాజకీయం ముట్టుకోవద్దు. పన్నెండు నిమిషాల్లో ఆమె మళ్లీ రాసిన జవాబు ఇది:

> పార్లమెంటరీ ప్రభుత్వం రెండు వర్గాలతో నడుస్తుంది. మంత్రిమండలి ఓటుతో వచ్చి, సభ విశ్వాసం ఉన్నంతవరకు ఉంటుంది. సివిల్ సర్వీసు ప్రతిభతో ఎంపికై, ప్రభుత్వాలు మారినా కొనసాగుతుంది.
>
> ఇద్దరూ పనిచేసేది గవర్నర్ పేరు మీదే (166). ఇద్దరి పదవీ 'ఇష్టం' సూత్రం కిందే ఉంది (164, 310). కానీ మంత్రిని ముఖ్యమంత్రి సలహాపై వెంటనే తప్పించవచ్చు. ఉద్యోగిని విచారణ లేకుండా తొలగించరాదు (311). మంత్రి నిర్ణయిస్తాడు, శాసనసభకు సమష్టిగా బాధ్యుడు (164(2)). అధికారి సలహా ఇస్తాడు, అమలు చేస్తాడు, అనామకుడిగా ఉంటాడు. కృష్ణా జిల్లా బస్సు రూట్ల కేసులో (1959) సుప్రీంకోర్టు కార్యదర్శి శాఖలో భాగమని, మంత్రి శాఖ వ్యవహారాలకు బాధ్యుడని వేరుచేసింది.
>
> 311 ఇచ్చే భద్రతే తటస్థతకు ఆధారం. తటస్థత అంటే మౌనం కాదు: నిర్ణయానికి ముందు నిర్భయమైన సలహా, తర్వాత ఏ పార్టీ ప్రభుత్వానిదైనా నిజాయితీగా అమలు, ఆదేశం చట్టవిరుద్ధమైతే రాతపూర్వక ధ్రువీకరణ కోరి అభ్యంతరం నమోదు చేయడం. ముంద్రా వ్యవహారంలో (1957–58) కార్యదర్శి చర్యకు మంత్రి బాధ్యత వహించాల్సి వచ్చింది.
>
> పరిమితి: 311 బదిలీని ఆపదు. అందుకే 2013లో సుప్రీంకోర్టు కనీస పదవీకాలం, సివిల్ సర్వీసెస్ బోర్డులు ఉండాలని ఆదేశించింది.

దీనికి ఏడు మార్కులు వచ్చాయి. పరిచయానికి ఒకటి, పోలికకు మూడు, తటస్థతకు రెండున్నర, పరిమితికి అర. నాలుగు నుంచి ఏడుకు వెళ్లడానికి ఆమె కొత్తగా చదివింది రెండు కేసులు, ఒక నియమం. మిగతాదంతా ఆమెకు ముందే తెలుసు, చోటు మారిందంతే.

మిగిలిన మూడు మార్కులు ఎక్కడ పోయాయో కూడా చెప్పుకోవాలి. తటస్థత పేరాలో "రాతపూర్వక ధ్రువీకరణ కోరి అభ్యంతరం నమోదు చేయడం" దగ్గర ఆగిపోయింది. అమలు చేయకూడదన్న మాట లేదు, దానికి ఆధారమైన నియమావళి పేరూ లేదు. ఆ వాక్యం చదివితే అభ్యంతరం రాసి, తర్వాత చేసేయవచ్చన్న అర్థం కూడా వస్తుంది. ముంద్రా వాక్యం తటస్థత పేరాలో పడింది. అది మంత్రి బాధ్యతకు చెందింది, పై పేరాలో అనామకత్వం పక్కన ఉండాలి. నిష్పాక్షికతతో తేడా రాయలేదు.

పరిమితి భాగం బాగా ఎంచుకుంది కానీ ఒక్క అడుగు ముందుకు వేసి ఉంటే బలపడేది. బదిలీ శిక్ష కాదు కాబట్టి 311 వర్తించదు. వద్దని నోట్ రాసిన అధికారిని ఉద్యోగంలోంచి తీసేయడం కష్టం, మర్నాడే ప్రాధాన్యం లేని పోస్టుకు పంపడం తేలిక. తటస్థతకు నిజంగా దెబ్బ తగిలేది అక్కడ. ఆమె చెప్పిన 2013 ఆదేశం టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులోది. అందులో కోర్టు కనీస పదవీకాలంతో పాటు నోటిమాట ఆదేశాలను రాతలో పెట్టాలనీ చెప్పింది. ఆ తర్వాత 2014లో ఐఏఎస్ కేడర్ నియమాలను సవరించి ఒక పోస్టులో కనీసం రెండేళ్లు అన్న నిబంధన తెచ్చారు. గడువుకు ముందే బదిలీ చేయాలంటే బోర్డు కారణాలు చూడాలి. ఈ రెండు లైన్లు రాయడానికి అర నిమిషం చాలు. ముంద్రా వాక్యాన్ని కుదిస్తే ఆ అర నిమిషం దొరుకుతుంది.

ఇదే ప్రశ్న 5 మార్కులకు వస్తే కేసులు రెండూ తీసేసి, 'ఇష్టం' సూత్రం, 311, తటస్థత మూడు మెట్లు మాత్రం ఉంచాలి. డిగ్రీ పరీక్షలో 15 మార్కుల వ్యాసంగా వస్తే ముందుగా బ్రిటన్‌లో వచ్చిన 1854 నార్త్‌కోట్–ట్రెవెల్యన్ నివేదిక నుంచి మొదలుపెట్టి, ప్రతిభ ఆధారంగా ఎంపిక, రాజకీయ అభిమానంతో నియామకాలు వద్దన్న ఆలోచన ఎలా వచ్చిందో ఒక పేరా రాయవచ్చు. అక్కడ పట్టికకూ చోటుంది, ఐదు వరుసలకు మించకుండా, "ఐదేళ్లు" అన్న మాట లేకుండా.